డేకేర్ పిల్లల లెక్కలు: ఇడ్లీ రేకు ఆట వేరు, పళ్లెం ఆట వేరు

ప్రశ్న: వైజాగ్‌లో మా ఫ్లాట్‌లోనే చిన్న డేకేర్ నడుపుతున్నాను. రెండున్నర నుంచి మూడున్నర ఏళ్ల పిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. బొమ్మలు కొనకుండా ఇంట్లో ఉన్న వస్తువులతోనే లెక్కపెట్టడం, అంకెలు గుర్తుపట్టడం ఎలా ఆడించాలి?

ముందు ఒక పని చేయండి. ఎనిమిది నిమ్మకాయలు కడిగి బుట్టలో వేసి, పక్కన ఒక స్టీలు పళ్లెం పెట్టండి. పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని "పళ్లెంలో రెండు నిమ్మకాయలు పెట్టమ్మా" అనండి. మీ దగ్గర ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లల్లో ఎవరికి నిజంగా ఎంత వచ్చో పది నిమిషాల్లో తేలిపోతుంది.

మూడేళ్లు దాటిన ఒక బాబుతో ఇది ఎలా నడుస్తుందో చూడండి. ఒకటి పెట్టమంటే ఒకటి పెట్టాడు. రెండు అంటే రెండు పెట్టాడు. మూడు అనగానే రెండు చేతులా తీసి ఐదు పోశాడు. "లెక్కపెట్టు నాన్నా" అంటే వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని ఒక్క తప్పూ లేకుండా చెప్పాడు. "అయితే ఎన్ని ఉన్నాయి?" అంటే ఐదు అనలేదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆఖరున పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుందని అతనికి ఇంకా తెలియదు. అతనికి అర్థం తెలిసినవి ఒకటి, రెండు మాత్రమే. మూడు నుంచి పైవన్నీ "బోలెడు" కిందే లెక్క. కేరెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో ఈ "ఇన్ని ఇవ్వు" పద్ధతితోనే ఈ తేడాను చూపించారు. పిల్లలు ముందు ఒకటి, కొన్ని నెలలకు రెండు, ఇంకొన్ని నెలలకు మూడు అని ఒక్కో మెట్టే ఎక్కుతారు.

అడిగేటప్పుడు మీరు చెయ్యి చాచకండి. చాచిన చెయ్యి కనబడితే పిల్లలు ఇస్తూనే ఉంటారు. అందుకే పళ్లెం పెట్టమన్నాను. సరిపోగానే తల ఊపడం, నవ్వడం కూడా వద్దు. మీ మొహం చూసి ఆపేస్తారు, మీరు లెక్క వచ్చిందనుకుంటారు. "రెండేనా?" అని కూడా రెట్టించవద్దు, సరిగ్గా పెట్టినవాళ్లు సైతం తప్పేమో అనుకుని మార్చేస్తారు. ఒక్కో అంకెను మధ్యలో వేరేవి కలుపుతూ మూడుసార్లు అడిగి, రెండుసార్లు సరిగ్గా ఇస్తే వచ్చినట్టు రాసుకోండి. ఏమడిగినా రెండే పెట్టే పిల్లకు మాత్రం రెండు వచ్చినట్టు కాదు.

ఇక ఇడ్లీ రేకు. దాన్ని అందరూ వాడతారు, చాలామంది వాడకూడని చోట వాడతారు. నాలుగు గుంటల రేకు ఇచ్చి "మూడు పెట్టు" అంటే పిల్ల నాలుగూ నింపుతుంది. ఖాళీ గుంట కనబడితే నింపాలనిపించడం ఆ వయసు సహజం. మీరు లెక్క అడిగారు, ఆమె గుంటలు నింపింది. రేకును గుంటకొకటి పెట్టే ఆటకే ఉంచండి. మూడు నిమ్మకాయలు ఇచ్చి "ఇంకా కావాలా, సరిపోయాయా?" అనండి. తర్వాత ఐదు ఇచ్చి "ఒకటి మిగిలిపోయింది చూశావా" అనండి. ఒక్కోదానికి ఒక్కోటి అనే జత కుదరడం ఇక్కడ వస్తుంది. "ఎన్ని" అనేది మాత్రం గుంటల్లేని పళ్లెంలోనే అడగాలి.

ఇందాకటి బాబుకు నేర్పాల్సింది మూడు ఒక్కటే. పది కాదు, ఐదు కూడా కాదు. పళ్లెంలో మూడు పెట్టి ముందు "ఇవి మూడు నిమ్మకాయలు" అని మొత్తం చెప్పండి. తర్వాత ఒక్కోటి తాకుతూ లెక్కపెట్టండి. చివర చేత్తో చుట్టూ సున్నా చుట్టి మళ్లీ "మూడు" అనండి. పక్క పళ్లెంలో రెండు పెట్టి "ఇవి మూడు కాదు, రెండు" అని తేడా చూపించండి. మర్నాడు గరిటెలు, ఆ మర్నాడు గ్లాసులు. వస్తువు మార్చకపోతే "మూడు" అన్నది ఆ నిమ్మకాయల పేరే అనుకునే ప్రమాదం ఉంది. ఒక్కసారికి ఇద్దరు పిల్లలు, ఐదు నిమిషాలు చాలు. ఎనిమిది మందినీ చుట్టూ కూర్చోబెడితే ఒకరు చెప్పింది మిగతావాళ్లు పాడతారు.

మన భాషలో ఇంకో చిక్కుంది. వస్తువులైతే మూడు, మనుషులైతే ముగ్గురు. పిల్లల చెవికి అవి రెండు వేర్వేరు మాటలు. పైగా పొద్దున "త్రీ స్పూన్స్", సాయంత్రం "మూడు చెంచాలు" అంటాం. రెండు భాషలూ ఉండనివ్వండి, కానీ ఒక ఆటలో ఒకటే వాడండి. వస్తువుల లెక్క స్థిరపడేదాకా "ఇద్దరు, ముగ్గురు" మాటలు ఆటలోకి తేకండి.

వస్తువుల ఎంపికలో రాజీ వద్దు. చింతపిక్కలు, శనగలు, గోళీలు, బీచ్‌లో ఏరిన గవ్వలు, నీళ్ల సీసా మూతలు ఈ వయసుకు పనికిరావు. మూడేళ్ల లోపువాళ్ల బొమ్మలకు దాదాపు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంతో పరీక్ష ఉంటుంది. అందులో పూర్తిగా పట్టే ఏ వస్తువైనా గొంతుకు అడ్డం పడగలదు. శనగ ముక్కులో దూరితే తేమకు ఉబ్బి ఇరుక్కుంటుంది. నిమ్మకాయల్లోనూ పెద్దవే ఏరండి. అంకెలున్న ఫ్రిజ్ మాగ్నెట్లు అసలే వద్దు, ఊడిన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కుంటాయి.

అంకెలు గుర్తుపట్టడానికి పాత తెలుగు క్యాలెండర్‌ను మించింది లేదు. పెద్ద అచ్చులో ఉన్న 1, 2, 3 కత్తిరించండి. మన ఊరి తేమకు డబ్బా మూత మీద అంటించిన కాగితం అంచులు లేస్తాయి, పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. అందుకే మూత పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు లోపలివైపు అంటించండి. అంకె పక్కన అన్ని చుక్కలు కూడా పెట్టండి. ఆట ఒక్కటే: మూత మీద 2 ఉంటే ఆ డబ్బాలో రెండు చెంచాలు. ఆ పిల్లకు ఏ లెక్క వచ్చో ఆ అంకెల డబ్బాలే ఇవ్వాలి. మూడు అంటే ఎంతో తెలియకుండా 3 గుర్తుపట్టడం బస్సు నంబరు గుర్తుపట్టడం లాంటిది. 28 నంబరు బస్సులో ఇరవై ఎనిమిది ఏమీ ఉండవు, అది పేరు మాత్రమే. 6, 9 దాకా వచ్చాక అడుగున గీత గీయండి, లేకపోతే డబ్బా తిరిగినప్పుడల్లా అంకె మారిపోతుంది.

తల్లిదండ్రులు "మా పాపకు నూరు దాకా ఎప్పుడు నేర్పుతారు" అని అడుగుతూనే ఉంటారు. గోడ మీద 1 నుంచి 100 చార్టు తగిలించేది కూడా ఎక్కువగా వాళ్ల కోసమే. వాళ్లు వచ్చినప్పుడు ఆ నిమ్మకాయల పళ్లెమే ముందు పెట్టి, వాళ్ల పిల్లనే మూడు ఇవ్వమని అడగమనండి.

మూడు, నాలుగు కుదిరాక ఒక రోజు తేడా కనిపిస్తుంది. గుప్పిట్లో తీసి పోయకుండా ఒక్కోటి పెడుతూ, పైకి లెక్కిస్తూ, అడిగిన అంకె దగ్గర తనంతట తానే చెయ్యి ఆపుతుంది. అప్పుడు ఐదుకు విడిగా పాఠం పెట్టకండి. నేరుగా ఆరు అడిగి చూడండి.