పర్సనల్ స్టేట్‌మెంట్ బాక్సులో 4,000 క్యారెక్టర్లే పడుతున్నాయి, మాది 5,000 దాటింది

ప్రశ్న: మా తమ్ముడు యూకేలో ఇంజనీరింగ్ డిగ్రీకి యూకాస్‌లో అప్లై చేస్తున్నాడు. పర్సనల్ స్టేట్‌మెంట్ 5,100 వచ్చింది, బాక్సు 4,000 దాటి తీసుకోవట్లేదు. ఏ మాటలు తీసేస్తే తగ్గుతుంది?

జవాబు:

మాటలు తీస్తే తగ్గదండీ. ముందుగా అదే చెప్తున్నాను, ఎందుకంటే మేము రెండు రాత్రులు ఆ పనే చేసి పోగొట్టుకున్నాం.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్‌లో ఉండగా సివిల్ ఇంజనీరింగ్‌కి అప్లై చేసింది. 2026లో చేరేవాళ్ల నుంచి యూకాస్ పద్ధతి మారింది. ఇదివరకు ఒకటే పొడుగాటి వ్యాసం ఉండేది, ఇప్పుడు మూడు ప్రశ్నలు. ఈ సబ్జెక్టే ఎందుకు, దానికి నీ చదువు నిన్నెలా తయారు చేసింది, చదువు బయట ఏం చేశావు. ఒక్కో దానికి కనీసం 350 క్యారెక్టర్లు రాయాలి, మూడూ కలిపి 4,000 దాటకూడదు. మాటల మధ్య ఖాళీలు కూడా లెక్కలోకే వస్తాయి. వర్డ్‌లో రెండు లెక్కలు కనిపిస్తాయి, ఖాళీలతో ఒకటి, ఖాళీలు లేకుండా ఒకటి. మీ తమ్ముడు చెప్పిన 5,100 ఏ లెక్కో ముందు చూడమనండి. ఖాళీలు లేకుండా అయితే అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది.

మా అమ్మాయి మొదటి డ్రాఫ్టు 5,300. ఇద్దరం భోజనాలయ్యాక కూర్చుని ఒక్కో మాటా గీకడం మొదలుపెట్టాం. ‘ఇన్ ఆర్డర్ టు’ ఉన్నచోట ‘టు’ పెడితే 9 తగ్గుతాయి. ‘వెరీ’లు, ‘రియల్లీ’లు పీకేశాం. రెండో రాత్రి ఒంటిగంటకి చూసుకుంటే తగ్గింది మొత్తం 240. పైగా వాక్యాలన్నీ టెలిగ్రాముల్లా తయారయ్యాయి. పిల్ల ఏడుపు ఒక్కటే తక్కువ.

మర్నాడు నేను బ్యాంకులో మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడు ఆ డ్రాఫ్టు ప్రింటు తీసి, ఒక్కో వాక్యాన్నీ విడి లైన్లో పెట్టి, పక్కన అది ఎన్ని క్యారెక్టర్లు తింటోందో రాశాను. ఖర్చుల పద్దు రాసినట్టే. అప్పుడు కనిపించింది అసలు సంగతి. చిన్నప్పుడు ఇసుకలో గూళ్లు కట్టేదాన్ని, అప్పటి నుంచే నిర్మాణాలంటే ఇష్టం అన్న మొదటి పేరా 310. ఎవరో మహానుభావుడి సూక్తి 140. టెన్త్‌లో ఇన్ని మార్కులు, ఫస్టియర్‌లో ఇన్ని మార్కులు అని 190. ఆ మార్కులు అదే దరఖాస్తులో చదువు వివరాల దగ్గర ముందే నింపింది, ఇక్కడ మళ్లీ చెప్పడం దేనికి? ఒలింపియాడ్లు, క్విజ్‌లు, వ్యాసరచన పోటీల సర్టిఫికెట్ల జాబితా 430. చివర్లో నాకు అవకాశమిస్తే కష్టపడతాను, మీ విశ్వవిద్యాలయానికి పేరు తెస్తాను అని 230. కూడితే సరిగ్గా 1,300. వీటిలో ఒక్క ముక్కయినా చదివినవాళ్లకి ఈ పిల్ల ఎవరో తెలియదు.

ఆ ‘మీ విశ్వవిద్యాలయం’ దగ్గర ఇంకో తప్పు కూడా ఉంది. యూకాస్‌లో ఐదు చోట్లకి ఎంచుకోవచ్చు, ఐదు చోట్లకీ వెళ్లేది ఒకటే స్టేట్‌మెంట్. దాంట్లో ఒక విశ్వవిద్యాలయాన్ని పొగిడితే మిగతా నలుగురూ అదే చదువుతారు.

ఇప్పుడు పద్దులో నన్ను నిజంగా బాధపెట్టిన లైను చెప్తాను. గోదావరి వరద గురించి 210 క్యారెక్టర్లు మాత్రమే ఉంది. అదీ ‘2022 వరదలు నన్ను ఎంతో ప్రభావితం చేశాయి, ప్రకృతి శక్తి ముందు మనిషి ఎంత చిన్నవాడో తెలిసింది’ అని.

మా పుట్టిల్లు భద్రాచలం. ఆ జూలైలో తొలి ఏకాదశికని అమ్మ దగ్గరికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయాం. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. నది ఆ మూడూ దాటి జూలై 16న 71.3 అడుగులకి వెళ్లింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కరెంటు ఉన్నంతసేపు టీవీలో, పోయాక నా ఫోనులో నీటిమట్టం ఎప్పుడు చెబితే అప్పుడు మ్యాథ్స్ నోట్సు వెనకపేజీల్లో టైముతో సహా రాసుకుంది. మా అమ్మ ఇంటి గేటు స్తంభం మీద సుద్దముక్కతో గీతలు పెట్టి వీధిలో నీళ్లు ఎక్కడికొచ్చాయో కూడా రాసింది. ఆ నోట్సు ఇప్పటికీ ఉంది.

‘అమ్మా, నది తగ్గుతోందంటున్నారు కదా, మన వీధిలో ఎందుకు తగ్గట్లేదు?’ అని అప్పుడడిగింది. ఆ ప్రశ్న ఎక్కడ పోయింది ఈ డ్రాఫ్టులో? అడిగితే, ‘అది చిన్నపిల్లల సంగతిలా ఉంటుందని తీసేశా’ అంది. వేలు పోసి కన్సల్టెన్సీలో చేరిన స్నేహితురాలి స్టేట్‌మెంట్ చూసిందట. అందులో ఇలాంటివి లేవట.

ఈ కన్సల్టెన్సీల మీద నాకు చాలా కోపముంది, చెప్పే తీరతాను. పది మందికి ఒకే అచ్చు పోసి ఇస్తున్నారు. యూకాస్ వాళ్లు వచ్చిన ప్రతి స్టేట్‌మెంట్‌నీ పాతవాటితో పోల్చి చూస్తారు. 2007లో 50,000 దరఖాస్తులు పరిశీలిస్తే 234 మంది ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్టుతో ఆడుతూ పైజామాకి చిల్లు పెట్టుకున్నామనే రాశారని బయటపడింది. ఇంటర్నెట్‌లో ఉన్న నమూనా నుంచి ఎత్తిన ముక్క అది. అచ్చు వాడిన పిల్లలు దొరికిపోతారు, డబ్బు తీసుకున్నవాళ్లు హాయిగా ఉంటారు.

సరే, మా లెక్కకి వస్తాను. 5,300లో మాటలు గీకిన 240 పోయింది, ఆ ఐదు ముక్కలూ ఎత్తేస్తే 1,300 పోయింది. మిగిలింది 3,760. పరిమితి కంటే కిందికి వచ్చేశాం. కానీ అక్కడ ఆగలేదు. వరద ముక్కని 210 నుంచి 900కి పెంచమన్నాను.

‘ప్రభావితం చేశాయి’ లాంటి మాటలన్నీ పోయాయి. నీళ్లు కరకట్ట దాటి రాలేదు, కాలువలోంచి వెనక్కి తన్నుకొచ్చి వీధిలోకి వచ్చాయి అని మొదలుపెట్టింది. నదిలో మట్టం ఎక్కువున్నప్పుడు, కాలువ నదిలో కలిసేచోట ఉండే స్లూయిజ్ తలుపులు సరిగ్గా మూసుకోకపోతే నది నీళ్లు ఊళ్లోకి వస్తాయి, మూసేస్తే ఊళ్లో పడ్డ వాన బయటికి పోలేదు, అందుకే మోటార్లతో తోడాలి. తను గీసిన గీతల ప్రకారం నది తగ్గడం మొదలైన చాలా గంటల తర్వాత గానీ వీధిలో మట్టం కదల్లేదు. ఆ తేడా ఎందుకో ఫస్టియర్ ఫిజిక్స్‌లో ద్రవపీడనం చదివినప్పుడు అర్థమైంది, పట్టణాల్లో వరద నీటి పారుదల నేర్చుకోవాలని అప్పుడే అనుకుంది. సివిల్ ఎందుకు అన్న ప్రశ్నకి ఇంతకంటే జవాబు ఏముంటుంది?

దాంతో 4,450 అయింది. మళ్లీ 450 ఎక్కువ. రెండో ప్రశ్నలో చదివిన పాఠాల పేర్లు వరసగా చెప్పిన 460 తీసేసి ద్రవపీడనం ఒక్కటే ఉంచాం. 3,990. మొదటి ప్రశ్నకి 1,700, రెండోదానికి 1,250, మూడోదానికి 1,040. మూడూ కలిపే చదువుతారు కాబట్టి ఒకచోట చెప్పింది ఇంకోచోట చెప్పక్కర్లేదు.

మీ తమ్ముడికి నేను చెప్పేది కూడా ఇదే. ప్రతి వాక్యం పక్కన సంఖ్య రాయండి. దరఖాస్తులో ఇంకెక్కడైనా ఉన్నదీ, ఇంకో కుర్రాడు కూడా అక్షరం మార్చకుండా రాసుకోగలిగినదీ మొత్తంగా తీసేయండి. మాటలు గీకడం అనేది చివరి 50, 60 దగ్గర చేసే పని.

ఇక బాక్సులో పెట్టేటప్పుడు జరిగే నష్టం. ఇది యూకాస్‌లో కాదు, మేము నేరుగా అప్లై చేసిన ఇంకో విశ్వవిద్యాలయం పోర్టల్‌లో జరిగింది. అక్కడ పరిమితి 2,000. పేస్టు చేస్తే కింద 1,994 అని చూపించింది, సేవ్ కూడా అయింది. మర్నాడు పీడీఎఫ్ తెరిస్తే ఆఖరి వాక్యంలో చివరి మాట ‘రివర్స్’ కాస్తా ‘రివర్’ అయింది, ఎస్ లేదు, దాని తర్వాతి ఫుల్‌స్టాప్ లేదు. వెబ్‌సైట్లు తయారుచేసే మా తమ్ముణ్ణి అడిగితే చెప్పాడు. మనం కొట్టే ఎంటర్‌ని కొన్ని సైట్లలో తెర మీద ఒక క్యారెక్టరుగా లెక్కేస్తారు, లోపల సర్వరు దగ్గరికి వెళ్లేసరికి అది రెండవుతుంది. మావి ఐదు పేరాలు, మధ్య ఖాళీ లైన్లతో కలిపి ఎనిమిది ఎంటర్లు. 1,994కి ఎనిమిది కలిపితే 2,002. పోయినవి సరిగ్గా రెండు. ఖాళీ లైన్లు తీసేస్తే ఎంటర్లు నాలుగే మిగిలాయి, మాట పూర్తిగా వచ్చింది.

అదే పోర్టల్‌లో ఇంకోటి. మా అమ్మాయి ముచ్చటపడి కరకట్ట అని తెలుగులో రాసింది. పీడీఎఫ్‌లో అక్కడ ?????? అని ఆరు ప్రశ్నార్థకాలు వచ్చాయి. మన కంటికి నాలుగే అక్షరాలు, కానీ కంప్యూటరు ట్ట ఒక్కదాన్నే ట, పొల్లు, ట అని మూడుగా లెక్కేస్తుంది. అది తీసేసి ఇంగ్లిషులో వరద కట్ట అనే అర్థమొచ్చే మాట పెట్టాం. నాకు చాలా కష్టమనిపించింది, కానీ వేరే దారి లేదు. వర్డ్ నుంచి పేస్టు చేస్తే ఒంపు తిరిగిన కొటేషన్ గుర్తులు కూడా ఇలాగే పాడయ్యే అవకాశముంది, ముందు నోట్‌ప్యాడ్‌లో నిలువు గుర్తులుగా మార్చుకోండి.

కాబట్టి తెర మీద అంకె చూసి వదిలేయొద్దు. సేవ్ చేసి, లాగౌటై, మళ్లీ లాగినై, ప్రివ్యూలో మొదటి మాట నుంచి చివరి ఫుల్‌స్టాప్ దాకా మీ తమ్ముణ్ణే పైకి చదవమనండి, మీరు పక్కన కాగితం పట్టుకుని చూడండి. ముందు మాత్రం అతని డ్రాఫ్టులో మొదటి పేరా ఎంత, చివరి పేరా ఎంత, సర్టిఫికెట్ల జాబితా ఎంత ఉందో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. తీసేయాల్సిన 1,100లో చాలా భాగం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.