అనంత సమితి ప్రూఫ్‌లో ఛాయిస్ ఎక్కడ వాడాం?

> "కోఠిలో కొన్న పాత పుస్తకంలో, A అనంత సమితి అయితే a₁, a₂, a₃... అని ఒక్కొక్కటీ తీస్తూ పోయి, దాని నిజ ఉపసమితితో జత కుదిర్చారు. ఇందులో ఛాయిస్ ఆక్సియం ఎక్కడుందండీ? ఎల్లుండే ఇంటర్నల్, టెన్షన్‌గా ఉంది."

ఆ "తీస్తూ పోయి" అన్న దగ్గరే ఉందండీ. శూన్యం కాని సమితులు ఎన్ని ఉన్నా, ఏ నియమం చెప్పకుండానే ఒక్కోదాని నుంచి ఒక్కో మూలకాన్ని ఒకేసారి ఎంచుకోవచ్చు అనేదే ఛాయిస్ ఆక్సియం. పది మూలకాలైనా, వెయ్యైనా తీయడానికి ఛాయిస్ అక్కర్లేదు, ఇండక్షన్ చాలు. కానీ ప్రతి n కి n మూలకాల వరుస ఉందని తెలిసినంత మాత్రాన, అంతులేని వరుస ఒకటి చేతికి రాదు. ఏది తీయాలో చెప్పే నియమం లేదు కదా!

పరీక్షలో ఇలా రాయండి. వేర్వేరు మూలకాలు n ఉన్న వరుసలన్నిటి సమితి Sₙ అనుకోండి. అది శూన్యం కాదు. ఇప్పుడు ప్రతి Sₙ నుంచి ఒక వరుసను ఎంచుకోండి. ఛాయిస్ వాడింది ఇక్కడే, అదీ గణనీయ ఛాయిస్, అంటే 1, 2, 3... అని లెక్కపెట్టగల సమితుల నుంచి ఎంచుకోవడం, సరిపోతుంది. వాటిని వరసగా అతికించి, మళ్లీ వచ్చినవి కొట్టేయండి. n వ వరుసలో n వేర్వేరు మూలకాలున్నాయి కాబట్టి జాబితా ఎక్కడా ఆగదు. ఇక aₙ ను aₙ₊₁ కి పంపి, మిగతావాటిని కదపకండి. a₁ ఒక్కటే బయట మిగులుతుంది.

ఛాయిస్ లేకుండా కుదరదా అంటే, కుదరదు. అనంతమే అయినా ఇలాంటి జాబితా ఒక్కటీ లేని వాస్తవ సంఖ్యల సమితి ఉన్న, ఛాయిస్ పనిచేయని సమితి సిద్ధాంత నమూనాను 1963లో పాల్ కోహెన్ కట్టి చూపించారు. నాకు బాగా నచ్చే విషయం ఇంకోటి: A ఎలాంటి అనంత సమితైనా, దాని ఘాత సమితికి మళ్లీ ఘాత సమితి తీసుకుంటే, అందులో ఇలాంటి జాబితాకు ఛాయిస్ అవసరమే రాదు. n ని "A లోని n మూలకాల ఉపసమితులన్నీ" అనే సమితికి పంపితే చాలు, ఎంచుకోవాల్సింది ఏమీ లేదు.