అవినీతిపై రహస్య ఫిర్యాదు: కవరు ఒక్కటే, చిరునామా ఒక్కటే

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. కొనుగోలు కమిటీలో నేనూ సభ్యురాలిని. ఏడాదిగా కంప్యూటర్ల ఆర్డర్లన్నీ మా ఆఫీసరు గారి బావమరిది కంపెనీకే పోతున్నాయి. ఆ చుట్టరికం సంగతి ఆయన ఎక్కడా రాయలేదు. ఈసారి కొటేషన్ వేసిన ఇంకో సంస్థలో మా అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు. సీవీసీకి, అంటే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి, మంత్రిగారికి, రెండు పత్రికలకు ఒకేసారి ఫిర్యాదు పంపుదామని రాసి పెట్టుకున్నాను. నా పేరు బయటపడకుండా చట్టం కాపాడుతుందా?

జవాబు: పంపకండమ్మా. ఫిర్యాదే వద్దని కాదు, నాలుగు చోట్లకు వద్దు. అలా పంపిన మరుక్షణం మీకున్న రక్షణ మీ చేతులతో మీరే వదులుకున్నట్టు. అంతకన్నా ముందు మీ అబ్బాయి సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. "కొడుకు కంపెనీకి ఆర్డరు రాలేదని అక్కసుతో రాసింది" అంటే మీ దగ్గర జవాబు ఉండాలి కదా.

కేంద్ర ఉద్యోగులకు వర్తించేవి 1964 నాటి ప్రవర్తనా నియమావళి, అంటే సీసీఎస్ కాండక్ట్ రూల్స్. అందులో రూల్ 4 ప్రకారం, కుటుంబ సభ్యులు పనిచేసే సంస్థకు సంబంధించిన కాంట్రాక్టు ఫైలును ఉద్యోగి తాను చూడకూడదు, పై అధికారికి అప్పగించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. "కుటుంబం" అంటే భార్య లేదా భర్త, పూర్తిగా తనమీద ఆధారపడిన పిల్లలు, అలాగే ఆధారపడిన బంధువులు అని ఆ రూల్సే చెబుతాయి. సొంతంగా సంపాదించుకునే మీ అబ్బాయి ఆ మాటల్లో ఇమడడు. ఆఫీసరు గారి బావమరిదీ ఇమడడు. అందుకే చాలామంది "మాకు వర్తించదు" అని తప్పించుకుంటారు. అయితే 2014లో రూల్ 3కి ఇంకో బాధ్యత చేర్చారు. తన ప్రభుత్వ విధులతో ముడిపడిన స్వప్రయోజనం ఏదున్నా ఉద్యోగి వెల్లడించాలి, ప్రజల మేలు దెబ్బతినకుండా ఆ చిక్కు తీర్చుకోవాలి. కొనుగోళ్లకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ కూడా ఇలాంటి సంబంధాలను వెల్లడించమనే అంటాయి. డబ్బు చేతులు మారిందని రుజువు కాకపోయినా, చెప్పకుండా దాచడమే తప్పు. ఆఫీసరు మీద మీ కేసు నిలబడేది ఈ కాలు మీదే.

కాబట్టి కమిటీ మళ్లీ కూర్చునేలోపు మూడు వాక్యాల నోట్ ఇవ్వండి: "ఫలానా కొటేషన్ వేసిన సంస్థలో నా కుమారుడు పనిచేస్తున్నాడు. ఈ ఫైలులో నేను అభిప్రాయం చెప్పడం సరికాదు. నా స్థానంలో మరొకరిని నియమించగలరు." అంతే. ఆఫీసరు గారి ఊసు అందులో వద్దు. డైరీ నంబరు వేయించుకుని కాపీ ఇంట్లో పెట్టుకోండి. ఇప్పటికే ఈ ఫైలు మీద సంతకం చేసి ఉంటే, ఆ సంగతి కూడా నోట్‌లో రాసేయండి. నోరు మూసుకుని కూర్చుంటే ఇంకా అధ్వానం.

ఇక మీ పేరు సంగతి. చట్టం ఉంది, కానీ లేదు. అక్రమాలు బయటపెట్టేవారిని కాపాడే విజిల్ బ్లోయర్స్ ప్రొటెక్షన్ చట్టానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. ఫిర్యాదుదారు పేరు బయటపెడితే జైలు అని నెట్‌లో కనిపించేవన్నీ ఆ చట్టంలోని మాటలే, వాటిని నమ్ముకోకండి. ఇప్పుడు పనిచేస్తున్నది 2004 ఏప్రిల్ 21 నాటి ప్రభుత్వ తీర్మానం. పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ అండ్ ప్రొటెక్షన్ ఆఫ్ ఇన్ఫార్మర్స్, పొట్టిగా పీఐడీపీఐ అంటారు. దానికి వెనుక ఒక ప్రాణం ఉంది. జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాశారు, పేరు రహస్యంగా ఉంచమని కోరారు. ఆ ఉత్తరం చేతులు మారుతూ పోయింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని చంపేశారు. అది దోపిడీ హత్యేనని సీబీఐ తేల్చింది. అయినా పేరు దాచమన్న మనిషి పేరే ఊరేగిందన్న కోపంలోంచి ఈ తీర్మానం పుట్టింది.

ఈ దారిలో ఆకాశరామన్న ఉత్తరం చెల్లదు. మీ పేరు, చిరునామా లోపల ఉండాలి, కవరు మీద ఉండకూడదు. కవరు అతికించి, పైన పీఐడీపీఐ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, సెక్రటరీ, సెంట్రల్ విజిలెన్స్ కమిషన్, సతర్కతా భవన్, ఐఎన్ఏ, న్యూఢిల్లీ 110023 చిరునామాకు పోస్టులో పంపాలి. ఈమెయిల్ గానీ పోర్టల్ గానీ పనికిరాదు. లోపల ఆఫీసరు పేరు, ఆర్డర్ల తేదీలు, ఫైలు నంబర్లు రాసి, చివరి పేజీలో మీ వివరాలు పెట్టండి. ఆ పేజీ విడదీయడానికి వీలుగా ఉంటే ఇంకా మంచిది.

మీ నాలుగు కాపీల ప్లాను దెబ్బతినేది ఇక్కడే. ఉత్తరం అందాక కమిషన్ మీకు రెండు సంగతులు అడుగుతూ రాస్తుంది: ఈ ఫిర్యాదు మీదేనా, ఇవే ఆరోపణలు ఇంకెవరికైనా పంపారా? పంపలేదని ధ్రువీకరణ ఇవ్వాలి. గడువు 30 రోజులు. పత్రికకు వెళ్లిన కాపీ ఉంటే నిజాయితీగా ఆ సంతకం పెట్టలేరు. అప్పుడు మీది మామూలు ఫిర్యాదు అయిపోతుంది, పేరు దాచే పూచీ ఎవరికీ ఉండదు. ఆ ఉత్తరం ఆఫీసు చిరునామాకు రాకుండా ఇంటి చిరునామా ఇవ్వడం మర్చిపోకండి.

కమిషన్ మీ పేరు దాచినా, రాసిన తీరు పట్టిస్తుంది. నాకు తెలిసిన ఒక కేసులో ఫిర్యాదుదారు పేరు ఎక్కడా రాలేదు. కానీ జత చేసిన జిరాక్సులో ఆయన పచ్చ ఇంకుతో పెట్టిన టిక్ మార్కులు ఉన్నాయి. సెక్షన్‌లో పచ్చ పెన్ను వాడేది ఆయనొక్కరే! కాబట్టి మీ బీరువాలో మాత్రమే ఉండే కాగితాలు జత చేయకండి. ఫైలు నంబరు, పేజీ చెబితే చాలు, విచారణాధికారి తీయించుకుంటారు. "మీటింగులో నేను అడ్డు చెప్పాను" లాంటి వాక్యాలు కొట్టేయండి. బావమరిది డైరెక్టరా కాదా అన్నది కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోగలిగిన సంగతి, అది ధైర్యంగా రాయండి. తెలిసింది తెలిసినట్టు, అనుమానం అనుమానంగానే రాయండి. కక్షతో అల్లిన ఫిర్యాదని తేలితే చర్య మీ మీదకే వస్తుంది.

తర్వాత వేధింపు మొదలైతే, ఉదాహరణకు ఉన్నట్టుండి బదిలీ, పనితీరు నివేదికలో మార్కులు పడిపోవడం, కమిషన్‌కే దరఖాస్తు చేసుకోవచ్చు. తగిన ఆదేశాలిచ్చే అధికారం దానికి ఉంది. అయితే ఫిర్యాదుకూ ఆ బదిలీకీ సంబంధం ఉందని చూపాల్సింది మీరే. కవరు పోస్టు చేసే ముందే గత మూడు నాలుగేళ్ల నివేదికల కాపీలు తీసి ఇంట్లో పెట్టండి, ఎందుకంటే తేడా కనబడాలంటే ముందెలా ఉందో తెలియాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు ఇదే చదివి ఢిల్లీకి కవరు పంపకండి. ఈ తీర్మానం కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు, ప్రభుత్వ రంగ బ్యాంకులకే.