తెల్లకారుకు ఎర్రరంగు వేస్తే మెరుపు ఎందుకు పోతోంది?

*సార్, నేను అనంతపురంలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు ఒక కార్ డెకార్ షాపులో పని. కస్టమర్లు ఫోన్‌లో ఏదో కారు ఫొటో చూపించి, ఆ రంగు, ఆ అల్లాయ్ వీల్స్ తమ బండికి ఎలా ఉంటాయని అడుగుతారు. ఫొటోషాప్‌లో మార్చి చూపిస్తాను. తెల్లకారును ఎర్రగా చేస్తే మాత్రం ప్లాస్టిక్ బొమ్మలా వస్తోంది. ఈ పనిలో కెరీర్ ఉందా? ముందు ఏం నేర్చుకోవాలి?*

ఉంది. అయితే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కదా అని అటు చూడకండి, అక్కడ తయారయ్యేది కార్లు, ఫొటోలు కాదు. ఈ రీటచింగ్ పని ఇచ్చేది యాడ్ ఏజెన్సీలు, ఫొటో స్టూడియోలు. మీకు దగ్గర్లో అంటే బెంగళూరు, తర్వాత హైదరాబాద్. అక్కడ మీ బీకాం మార్కుల కన్నా ముందు మీరు చేసిన ఫొటోను జూమ్ చేసి బానెట్ మీద మెరుపు ఎలా ఉందో చూస్తారు. కాబట్టి ఆ ప్లాస్టిక్ బొమ్మ సంగతే తేల్చుకుందాం.

కారు మీద రంగు కింద ఉంటుంది, దాని మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. ఆకాశం, చెట్లు, ట్యూబ్‌లైట్ ప్రతిబింబించేది ఎక్కువగా ఆ పై పొర మీదే. అందుకే ఎర్రకారు మీద పడిన ట్యూబ్‌లైట్ గీత కూడా తెల్లగానే కనిపిస్తుంది. మీరు రంగు మార్చినప్పుడు కింది పొర మాత్రమే మారాలి, మెరుపు దాని పాటికది ఉండాలి. మీ ఫొటోలో రెండూ కలిసి ఎర్రబడుతున్నాయి, బొమ్మలా కనిపించేది అందుకే.

తెల్లకారు మీద ఎరుపును Color మోడ్‌లో వేస్తే వెలుతురు అలాగే ఉండిపోయి గులాబీ రంగు వస్తుంది. Multiply పెట్టండి. తెలుపు ఉన్నచోట ఎరుపు, నీడ ఉన్నచోట ముదురు ఎరుపు సరిగ్గా వస్తాయి. అద్దాలు, లైట్లు, టైర్లు, నంబర్ ప్లేటు, క్రోమ్ పట్టీలను మాస్క్‌తో ముందే తప్పించాలి. ఇంతవరకు చాలామంది చేస్తారు, ఇక్కడే ఆగిపోతారు కూడా. Multiply మెరుపును కూడా ఎర్రగా చేసేస్తుంది. దాన్ని వెనక్కి తేవాలంటే అసలు ఫొటో లేయర్‌ను కాపీ చేసి అన్నిటికన్నా పైన పెట్టండి. దాని మీద Levels తెరిచి నలుపు స్లైడర్‌ను కుడికి జరుపుతూ పోండి. బాడీ అంతా నల్లబడి మెరుపు గీతలు మాత్రమే మిగిలిన చోట ఆపి, లేయర్‌ను Screen మోడ్‌లోకి మార్చి, బాడీ వరకే మాస్క్ చేయండి. Screen మోడ్‌లో నలుపు ఏమీ చేయదు కాబట్టి మెరుపు మాత్రమే ఎరుపు మీద తేలుతుంది.

మధ్యాహ్నం ఎండలో ఫోన్‌తో తీసిన తెల్లకారు మీద ఈ కిటుకు కూడా పనిచేయకపోవచ్చు. బానెట్ మొత్తం 255కి, అంటే పూర్తి తెలుపుకి వెళ్లిపోయి, పెయింట్ ఏదో మెరుపు ఏదో ఫొటోలోనే తేడా ఉండదు. అలాంటప్పుడు సాయంత్రం నీడలో మళ్లీ తీయడమే దారి. తెల్ల పెయింట్ మీద ప్రతిబింబాలు లేతగా కనిపిస్తాయి, ముదురు రంగు మీద స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే తెలుపు నుంచి నలుపు చేయడం అన్నిటికన్నా కష్టం. మొదటి సాధనకు బూడిదరంగు కారు తీసుకోండి.

కస్టమర్ చూపించిన ఫొటోలో రంగు తీసుకునేటప్పుడు మెరుస్తున్న చోట ఐడ్రాపర్ పెట్టకండి, నీడలోనూ వద్దు. ఆకాశం అంతగా ప్రతిబింబించని డోర్ మధ్యభాగం మంచిది. అంతకన్నా ముందు ఆ ఫొటోలోని తెల్ల నంబర్ ప్లేటు చూడండి. అది పసుపుగా ఉంటే సాయంకాలపు ఎండ ఎరుపులో కూడా కలిసి ఉంటుంది. ప్లేటు తెల్లగా వచ్చేదాకా సరిచేసి, అప్పుడు రంగు తీసుకోండి.

వీల్స్‌కు వస్తే, పక్క నుంచి తీసిన గుండ్రటి అల్లాయ్‌ను వంపులో ఉన్న కారుకు Distort చేసి సాగదీస్తే అంచు సరిపోతుంది గానీ స్పోక్‌ల లోతు కనిపించదు. దాదాపు అదే కోణంలో తీసిన ఫొటో వెతకండి. స్పోక్‌ల సందుల్లో అసలు కారు బ్రేక్ డిస్క్ కనిపించాలి, ఫెండర్ కింద టైరు పై భాగంలో ఉన్న నీడను కదిలించకూడదు. వెలుతురు అటువైపు నుంచి ఉందని వీల్‌ను తిరగేస్తే మధ్యలోని లోగో అక్షరాలు తిరగబడతాయి. ఇది షాపులో ఎవరూ గమనించరు, ఇంటర్వ్యూలో గమనిస్తారు.

షాపు యజమానికి ఒక మాట చెప్పండి: నిజంగా రంగు మార్చిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలని కస్టమర్లకు ముందే చెప్పాలి. అమ్మకానికి పెట్టే పాత కార్ల ఫొటోల్లో రంగు మార్చమంటే మాత్రం ఒప్పుకోకండి, అది మోసం.

పోర్ట్‌ఫోలియోలో పది కార్లు అక్కర్లేదు. బూడిదరంగు నుంచి నీలం ఒకటి, తెలుపు నుంచి ఎరుపు ఒకటి, వీల్స్ మార్చినది ఒకటి చాలు. ప్రతిదానికీ అసలు ఫొటో, కస్టమర్ చూపించిన ఫొటో, మీరు చేసినది పక్కపక్కన పెట్టండి. లేయర్లు కలిపేయని ఫైల్ కూడా దాచుకోండి, అడుగుతారు. డిగ్రీ అయ్యేలోపు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టండి. కార్ కంపెనీల వెబ్‌సైట్లలో నొక్కగానే రంగు మారే బొమ్మలు చాలావరకు త్రీడీ మోడళ్ల నుంచి తీసినవే, జీతాలు కూడా అటువైపే మెరుగు.