స్కూలు ముందు స్పీడ్ బ్రేకర్ కావాలా? ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ప్రశ్న: మా పిల్లలు స్కూలుకి వెళ్లేటప్పుడు రోడ్డు దాటే చోట బళ్లు చాలా స్పీడుగా వస్తున్నాయి. స్పీడ్ బ్రేకరూ బోర్డులూ పెట్టమని ట్రాఫిక్ పోలీసులకి లెటర్ ఎలా రాయాలి?

స్పీడ్ బ్రేకర్ పోలీసులు వెయ్యరండీ. రోడ్డు ఎవరిదో వాళ్లే వేస్తారు. పోలీసులు చూసి, అవసరమేనని రాస్తే ఆ పని కదులుతుంది. నాది హైస్కూలు ఎదురుగా జిరాక్సు షాపు, రాజాం వైపు. ఊళ్లోవాళ్ల అర్జీలు రాసిపెట్టేది నేనే. వచ్చినవాళ్లలో సగం మంది పోలీసులకి ఒక్క కాగితం ఇచ్చేసి, "మా పరిధిలోది కాదు" అన్న జవాబు పట్టుకుని తిరిగొస్తారు.

రోడ్డు ఎవరిదో కిలోమీటరు రాయి చూస్తే తెలుస్తుంది. రాయి తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే పల్లె రోడ్డు. విజయనగరం మీంచి సాలూరు పోయే 26వ నంబరు జాతీయ రహదారి లాంటి వాటి మీద స్పీడ్ బ్రేకర్ అడగడం దండగ. వాటి మీద వెయ్యకూడదని కేంద్రమే చెప్పింది. అక్కడ రోడ్డుకి అడ్డంగా మందంగా వేసే గీతలు, అదే రంబుల్ స్ట్రిప్సూ, బోర్డులూ అడగండి. ఆర్ అండ్ బి, అంటే రోడ్లు భవనాల శాఖ రోడ్డయితే అర్జీ ఎస్సై గారి పేరునే రాసి, కింద ఆర్ అండ్ బి ఇంజనీరు గారికీ కలెక్టరు గారికీ ప్రతులు అని పెట్టండి. మండలాల్లో విడిగా ట్రాఫిక్ స్టేషన్ ఉండదు, మామూలు స్టేషనే. అన్నట్టు, మేం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాం. ఇప్పటికీ అలవాటు కొద్దీ పాత జిల్లా పేరు రాసుకొస్తారు. ఆ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుందో ఎవరికీ తెలీదు.

అర్జీలో సగం పేజీ నమస్కారాలు అక్కర్లేదు. మా స్కూలుకి నేను రాసింది దాదాపు ఇలా ఉంటుంది:

"అయ్యా, మా ఉన్నత పాఠశాల గేటు ఫలానా రోడ్డులో, ఫలానా కిలోమీటరు రాయి దాటాక సుమారు 200 మీటర్లలో ఉంది. ఉదయం 8.30 నుంచి 9.15 వరకు, మళ్లీ సాయంత్రం బడి వదిలినప్పుడు సుమారు 140 మంది పిల్లలు ఇక్కడ రోడ్డు దాటుతారు. ఉత్తరం వైపు మలుపు ఉండడం వల్ల వచ్చే బండి పిల్లలకీ, పిల్లలు బండివాడికీ చివరి వరకు కనిపించరు. కావున తమరు రోడ్లు భవనాల శాఖ వారితో కలిసి బడి వేళలో స్థలం పరిశీలించి, స్పీడ్ బ్రేకరు, స్కూలు హెచ్చరిక బోర్డులు, వేగ పరిమితి బోర్డు, జీబ్రా గీతలు ఏర్పాటు చేయించవలసిందిగానూ, అంతవరకు బడి వేళల్లో స్టాపర్లు పెట్టి ఒక హోంగార్డును ఉంచవలసిందిగానూ కోరుతున్నాము."

కింద హెడ్మాస్టరు గారి సంతకం, స్కూలు సీలు. వెనక చేత్తో గీసిన చిన్న పటం: గేటు, మలుపు, బస్సు ఆగే చోటు. అక్కడ యాక్సిడెంట్ జరిగి కేసు అయి ఉంటే ఆ ఎఫ్ఐఆర్ నంబరు తప్పకుండా వెయ్యండి. "ఎన్నో ప్రమాదాలు జరుగుతున్నవి" అనే వాక్యాన్ని ఎవరూ చదవరు.

ఆ అర్జీలో ప్రాణమంతా "బడి వేళలో" అన్న మాటలో ఉంది. మా దగ్గర పరిశీలనకి వచ్చిన రోజు ఎస్సై గారు జీపు సరిగ్గా గేటు ముందే ఆపించారు. ఇంకేముంది, వచ్చిన లారీ వచ్చినట్టు పెళ్లినడక నడిచింది. ఆయనతో వచ్చిన ఆర్ అండ్ బి ఇంజనీరు ఏఈ గారు టేపు పట్టుకుని నవ్వుతున్నారు. నా షాపు అరుగు మీద కూర్చున్న పెద్దాయన, "ఏటి బావూ, జీపుని సూసి అందరూ బుద్ధిమంతులైపోనారు" అన్నాడు. ఎస్సై గారికి ఆ మాట బాగానే తగిలినట్టుంది. జీపుని స్కూలు గోడ వెనక్కి పంపించి, ఇద్దరూ నా షాపులోనే కూర్చున్నారు. టీ రాకముందే మలుపు తిరిగి ఒక లారీ వచ్చింది. రోడ్డు సగం దాటిన ఆరో తరగతి పిల్ల ఒకత్తి ముందుకి పోవాలో వెనక్కి పోవాలో తెలీక అక్కడే నిలబడిపోయింది. లారీ బ్రేకు కీచుమని ఆగింది. పిల్లకేం కాలేదు. తాగని టీ అలాగే ఉంచి ఏఈ గారు లేచి మలుపు దాకా కొలతలు తియ్యడం మొదలెట్టారు.

అప్పటికే మా కుర్రాళ్లు ఒక రాత్రి ఇసుకా సిమెంటూ పోసి అక్కడ సొంతంగా ఒక గట్టు కట్టేశారు. జానెడు వెడల్పు, రంగు లేదు, బోర్డు లేదు. చీకట్లో బైకు మీద వస్తున్న మొగుడూ పెళ్లాలు దాని మీద ఎగిరిపడ్డారు, ఆవిడ చెయ్యి విరిగింది. ఏఈ గారు ముందు దాన్ని తవ్వించేశారు. ఎందుకని అడిగితే ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. సన్నటి గట్టు మీద స్పీడుగా పోయేవాడికి కుదుపు తక్కువ తెలుస్తుందట, దెబ్బంతా టైరూ స్ప్రింగులే తినేస్తాయి. నెమ్మదిగా వచ్చే ఆటోలో గర్భిణికే నడుం విరుగుతుంది. అదే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా వేస్తే బండి మొత్తం ఎక్కి దిగాలి. గంటకి 25 కిలోమీటర్లలో వస్తే హాయిగా దాటిపోతుంది, అంతకి మించితే డ్రైవరు తల పైకి తగులుతుంది. అంచేత మీకు తోచిన ఎత్తు అర్జీలో రాయకండి. "నిబంధనల ప్రకారం" అని వదిలెయ్యండి. దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, పైన తెల్ల రంగు గీతలు ఉండాలన్నది కూడా ఆ నిబంధనల్లోదే. కాంట్రాక్టరు కుర్రాడు రంగు రేపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. రంగు లేని మొదటి రాత్రే మనుషులు పడతారు.

బోర్డుల్లో రెండు రకాలున్నాయి. పిల్లల బొమ్మతో ఉండే త్రికోణం బోర్డు హెచ్చరిక మాత్రమే. ఎర్ర అంచుతో గుండ్రంగా, మధ్యలో అంకె ఉండేది ఆజ్ఞ. స్పీడుగా పోయినవాడికి చలానా రాయడానికి పోలీసులకి బలం దాంతోనే వస్తుంది. అందరూ మొదటిది అడిగి ఊరుకుంటారు, రెండోది పేరు పెట్టి అడగాలి.

అర్జీ ఇచ్చాక మీ కాపీ మీద స్టేషన్ ముద్రా తేదీ వేయించుకోండి. ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం రసీదు కాదు. కదలిక లేకపోతే ఆ కాపీతో సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్సుకి వెళ్లండి. కలెక్టరు గారే అధ్యక్షులుగా జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, పోలీసులూ ఆర్ అండ్ బి వాళ్లూ అందులో పక్కపక్కన కూర్చుంటారు. మా విషయాన్ని ఆ కమిటీలో పెట్టమని ప్రత్యేకంగా రాసివ్వండి. విడివిడిగా అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకునే మాట అక్కడ చెప్పలేరు.

బోర్డు వచ్చాక కూడా పని తీరదు. మా స్కూలు బోర్డు స్తంభానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు, పిల్లల బొమ్మ మీద సరిగ్గా ఆయన మొహం పడింది. విప్పమంటే కట్టినవాళ్లకి కోపం. పంచాయతీ కార్యదర్శి గారికి దాని గురించి ఇంకో అర్జీ రాసిచ్చాను, ముద్ర వేయించుకున్న కాపీ నా డ్రాయరులోనే ఉంది.