బ్రాకెట్లో ‘లై’ పెట్టేముందు

నల్లకుంట, హైదరాబాద్

అమ్మా,

నువ్వు పంపిన ఇరవై అయిదు ఇంగ్లిష్ క్రియారూపాల ఖాళీలూ పెన్సిల్ పట్టుకుని, పదో తరగతి పిల్లవాడిలా పూరించుకుంటూ చదివాను. తొలి వర్క్‌బుక్‌కి ఇంత శ్రద్ధ పెట్టినందుకు సంతోషం. కానీ ఏడో వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ద డాగ్ ____ (లై) అండర్ ద కార్ట్’ అని ఇచ్చి, కీలో ‘లే’ అని రాశావు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క ఖాళీ గురించే అనుకో.

నా మొదటి పుస్తకంలో నేనూ ఇదే చేశాను. ‘ద పేషెంట్ ____ (లై) ఆన్ ద బెడ్’ అని రాసి, కీలో ‘లే’ అని అచ్చు వేయించాను. ఒక తెలుగు మీడియం అమ్మాయి ‘లైస్’ అని రాసింది. వాళ్ళ టీచర్ కీ చూసి మార్కు కొట్టేశారట. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి, “రోగి ఇప్పుడు పడుకుని ఉన్నాడేమో కదండీ, నిన్నటి సంగతని వాక్యంలో ఎక్కడుంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తప్పు ఆ పిల్లది కాదు, ఆ టీచర్‌ది కూడా కాదు, నాది. ఖాళీలో ఒక్క రూపమే పట్టేలా వాక్యాన్ని కట్టే పని నేను చేయలేదు.

నీ కుక్క వాక్యానికీ అదే జబ్బు. ‘లైస్’ పడుతుంది, ‘లే’ పడుతుంది, ‘వాజ్ లైయింగ్’ కూడా పడుతుంది. కాలం చెప్పే మాట ఒక్కటి వేస్తే సగం తలుపులు మూసుకుంటాయి. మిగతా సగం మూయాలంటే ‘హాడ్’, ‘హాజ్’ లాంటి సహాయక క్రియను బ్రాకెట్ బయట మనమే అచ్చు వేసి ఇవ్వాలి. అప్పుడు ఒక్క మాటలో రాయాలంటే వీ త్రీ తప్ప మరొకటి పట్టదు. వీ టూ కావాలనుకున్నచోట నిన్న అనో, ఫలానా ఏడాదిలో అనో స్పష్టంగా ఉండాలి, ‘హాడ్’ అసలు ఉండకూడదు.

మన ఊరి సంగతితోనే చేసి చూపిస్తాను. హుసేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని 1990లో బార్జ్ మీద తీసుకెళ్తుంటే బార్జ్ ఒరిగి, విగ్రహం నీళ్ళలో మునిగిపోయింది. ఆ ప్రమాదంలో మనుషుల ప్రాణాలు పోయాయి కనుక, ఆ మాట వచ్చేచోట వాక్యం నిదానంగా ఉండాలి. విగ్రహాన్ని 1992లో పైకి తీశారు. ఈ కథలోంచి మూడు ఖాళీలు వస్తాయి.

మొదటిది: ‘ఇన్ 1990 ద స్టాచ్యూ ____ (సింక్) ఇన్ ద లేక్.’ ఇక్కడ ‘సాంక్’. 1990 అన్న మాటే కాలాన్ని కట్టేసింది.

రెండోది: ‘బై 1992 ఇట్ హాడ్ ____ (లై) దేర్ ఫర్ ఓవర్ టూ ఇయర్స్.’ ఇక్కడ ఒక్క మాటలో ‘లెయిన్’ ఒక్కటే పడుతుంది. ఆ ‘హాడ్’ తీసేసి, ‘బై 1992’ కూడా తీసేసి, ‘ఇట్ ____ దేర్ ఫర్ ఓవర్ టూ ఇయర్స్’ అని ఇస్తే ‘హాడ్ లెయిన్’తో పాటు ‘లే’ కూడా సరైన జవాబే అవుతుంది.

మూడోది: ‘ఇన్ 1992 వర్కర్స్ ____ (బ్రింగ్) ఇట్ అప్.’ జవాబు ‘బ్రాట్’. రింగ్, ర్యాంగ్, రంగ్ అని వల్లె వేసిన పిల్లలు ఇక్కడ ‘బ్రాంగ్’ అని రాస్తారు. బ్రింగ్ వినడానికి రింగ్ చుట్టంలా ఉన్నా దాని ఇల్లు వేరు. థింక్‌కు థాట్ ఎలాగో బ్రింగ్‌కు బ్రాట్ అలాగ, వీ త్రీ కూడా అదే. కాబట్టి బ్రింగ్‌ను రింగ్, సింగ్ ఉన్న పేజీలో పెట్టకు. బై, థింక్, క్యాచ్, టీచ్ పక్కన పెట్టు.

ఇక లై దగ్గర పిల్లలు తడబడటానికి అసలు కారణం చెబుతాను. దాదాపు ఒకే మోతలో మూడు క్రియలున్నాయి. పడుకోవడం అన్న లై: లై, లే, లెయిన్. అబద్ధమాడటం అన్న లై: లై, లైడ్, లైడ్. పడుకోబెట్టడం, పరచడం, పెట్టడం అన్న లే: లే, లెయిడ్, లెయిడ్. మొదటిదాని వీ టూ, మూడోదాని వీ వన్ ఒకేలా ఉండటం ఇంగ్లిష్ వాళ్ళనే తికమక పెడుతుంది. మన పిల్లలకైతే ఇంకో చిక్కు: ‘లే’ అంటే మనకు నిద్ర లెమ్మని.

అయితే ఇదే చిక్కుకు తాళం చెవి కూడా మన భాషలోనే ఉంది. లేచింది, లేపింది, కూర్చుంది, కూర్చోబెట్టింది, పడుకుంది, పడుకోబెట్టింది. ఈ జతల్లో తేడా ఏ పిల్లవాడికీ నేర్పనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రైజ్, రేజ్ ఎలాంటి జతో లై, లే కూడా అలాంటి జతే. ‘ఎవరిని?’ లేదా ‘దేన్ని?’ అని అడిగితే జవాబొస్తే అది లే క్రియ, రాకపోతే లై. పాప చాప మీద పడుకుంది: ‘ద బేబీ లే ఆన్ ద మ్యాట్.’ అమ్మ పాపను చాప మీద పడుకోబెట్టింది: ‘మదర్ లెయిడ్ ద బేబీ ఆన్ ద మ్యాట్.’ ఈ రెండు వాక్యాలనూ నీ పుస్తకంలో ఎదురెదురుగా అచ్చు వెయ్యి, పక్కన తెలుగు కూడా ఉండాలి.

బిగిన్, స్విమ్‌లలో కష్టం వేరు. అక్కడ క్రియలు కలిసిపోవు, వీ టూ, వీ త్రీ కలిసిపోతాయి. ‘సినిమా నిన్న ఆరింటికి మొదలైంది’, ‘మేం వెళ్ళేసరికే మొదలైంది’. రెండు చోట్లా మనం ‘మొదలైంది’ అనే అంటాం, తేడా అంతా ‘వెళ్ళేసరికే’ మోస్తుంది. ఇంగ్లిష్‌లో క్రియ కూడా మారాలి: ఒకచోట ‘బిగాన్’, రెండోచోట ‘హాడ్ బిగన్’. స్వామ్, స్వమ్ కూడా అంతే. తెలుగులో రాస్తే తేడా దీర్ఘమంతే. చెవికి అది అందేలా పిల్లల చేత పైకి చదివించాలి.

కీ చివర టీచర్ కోసం నాలుగు పంక్తులు రాయమని నా కోరిక. ‘హాడ్ ____ (లై)’ అన్న ఖాళీలో పిల్లవాడు ‘లైడ్’ అని రాస్తే, అతనికి ఆ క్రియ రూపాలే తెలియవు, మామూలు క్రియల సూత్రం తగిలించాడు. విగ్రహం అబద్ధమాడిందని రాశానని అతనికి తెలియదు. ‘లెయిడ్’ అని రాస్తే పడుకోవడాన్నీ పడుకోబెట్టడాన్నీ కలిపేశాడు, అతనికి ‘దేన్ని?’ ప్రశ్న నేర్పాలి. ‘లే’ అని రాస్తే క్రియ సరిగ్గానే పట్టుకున్నాడు, ‘హాడ్’ను చూడలేదు. ముగ్గురికీ ఒకే సున్నా వేసి పట్టిక మళ్ళీ పదిసార్లు రాయమంటే మూడోవాడికి నేర్పిందేమీ ఉండదు.

ఏడోదే కాదు, పన్నెండు, పద్దెనిమిది వాక్యాల్లోనూ రెండు జవాబులు పడుతున్నాయి. వాటిని మార్చి, కీ మూసేసి, ఎవరైనా పిల్లల చేత రాయించి చూడు. కీలో లేని జవాబు ఎవరైనా రాస్తే వెంటనే తప్పనకుండా, ఎందుకలా రాశారో అడిగి రాసుకో. ఆ కాగితాలు నాకు కూడా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు