చిన్న మాట అన్నా దూరం పెట్టాననుకుంటుంది

ప్రశ్న: నేను గోపాలపట్నం నుంచి సిరిపురంలోని ఆఫీసుకు స్కూటీ మీద వెళ్తాను. దారిలో ఎన్‌ఏడీ కూడలి దగ్గర నా స్నేహితురాలు ఎక్కుతుంది. ఈ మధ్య ఇరవై నిమిషాలు నిలబెడుతోంది. ఏమన్నా అంటే ‘నేనంటే విసుగొచ్చింది కదా’ అని రోజుల తరబడి మాట్లాడదు. ఈ సందేశం పంపవచ్చా? ‘నీతో ఒక విషయం మాట్లాడాలి. ఏమీ అనుకోకు. నువ్వు చాలా మంచిదానివి, కానీ ఎప్పుడూ ఆలస్యం చేస్తావు. నా ఇబ్బంది నీకు పట్టదు.’
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: పంపకండి. మీ ఫిర్యాదు న్యాయమైనదే, మాటలే ఎదురు తిరుగుతాయి. ‘ఏమీ అనుకోకు’ అని చదవగానే ఆమె అనుకోవడం మొదలుపెడుతుంది. ‘కానీ’ వచ్చాక దాని ముందున్న మెచ్చుకోలు లెక్కలోకి రాదు. ఇక ‘ఎప్పుడూ’, ‘పట్టదు’ అనే మాటలు ఆలస్యాన్ని వదిలేసి మనిషిని పట్టుకున్నాయి.

వద్దంటారేమోనని ముందే భయపడటం, మామూలు మాటలో కూడా అదే వినిపించడం, ఆపైన అతిగా స్పందించడం. ఈ మూడూ కలిసిన స్వభావాన్ని జెరాల్డిన్ డౌనీ, స్కాట్ ఫెల్డ్‌మన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1996లోనే వివరించారు. అలాంటివారు సందేశంలో ముందు వెతికేది ‘నన్ను ఉంచుకుంటున్నారా, వదిలేస్తున్నారా’ అని. కాబట్టి మొదటి వాక్యంలోనే దానికి జవాబు ఉండాలి. పొగడ్త వద్దు, పొగడ్తను వీళ్లు నమ్మరు. రేపటి సంగతి చెప్పండి:

‘రేపు కూడా ఎన్‌ఏడీ దగ్గర నీకోసం ఆగుతాను. సోమ, బుధవారాల్లో మనం 8:40కి బయల్దేరాం, రెండు రోజులూ నాకు హాజరు ఆలస్యం పడింది. ఇకనుంచి 8:20కి కదలాలి. అప్పటికి నువ్వు రాలేని రోజు నేను వెళ్లిపోతాను, మర్నాడు మళ్లీ అక్కడే ఆగుతాను.’

ఆ చివరి మాట కీలకం. ‘మర్నాడు ఆగుతాను’ లేకుండా ‘వెళ్లిపోతాను’ అంటే ఆమె చెవికి అది శాశ్వతంగా వినిపిస్తుంది.

రాత్రి పదకొండుకు పంపి పడుకోకండి. తన జవాబు పక్కన రెండు గీతలు నీలంగా మారకపోవడం చూసుకుంటూ ఆమె తెల్లవార్లూ కథ అల్లుకుంటుంది. సాయంత్రం, మీరు ఫోను దగ్గర ఉండే గంటలో పంపండి. భయమేసి మధ్యలో తొలగిస్తే మరీ అనర్థం, అందులో ఏముందో ఆమె ఊహించుకుంటుంది.

‘సరే, రేపటి నుంచి బస్సులో పోతాలే’ అని జవాబు రావచ్చు. మీలాంటివారు జారేది ఇక్కడే: ‘అయ్యో, పోనీలే, నీకు వీలైనప్పుడే రా’ అనేస్తారు. అలా అంటే అలక ఫలించినట్టే, వచ్చే వారం మళ్లీ 8:40. ‘బాధపడ్డావని అర్థమైంది. బస్సులో వెళ్లమనలేదు, 8:20కి రమ్మన్నాను. రేపు ఆగుతాను’ అని రాసి అక్కడితో ఆపండి. వరుసగా క్షమాపణలు పంపితే నిజంగానే ఏదో తప్పు జరిగిందని ఆమెకు రుజువు దొరుకుతుంది.

ఆమె 8:20కి రాకపోతే నిజంగా కదిలిపోండి. మర్నాడు, ఆమె మాట్లాడినా మాట్లాడకపోయినా, అదే చోట స్కూటీ ఆపండి.